మీథేన్ దహనం: బంధ శక్తులతో చేస్తే −690, పుస్తకంలో −890. ఆ 200 ఎక్కడికి పోయింది?

వంశధార_ప్లస్‌టూ
రెండు రోజులుగా ఈ ఒక్క లెక్క దగ్గరే ఆగిపోయాను. మాది గుణుపురం, ప్లస్ టూ సైన్స్. మీథేన్ ఒక మోల్ మండితే ఎంత వేడి వస్తుందో బంధ శక్తులతో కనుక్కోమన్నారు.

CH4 + 2O2 → CO2 + 2H2O

పట్టికలో C–H 414, O=O 498, C=O 745, O–H 463, అన్నీ మోల్‌కి కిలోజౌళ్లలో. తెంచాల్సినవి నాలుగు C–H, రెండు O=O: 1656 + 996 = 2652. ఏర్పడేవి రెండు C=O, నాలుగు O–H: 1490 + 1852 = 3342. తీసేస్తే −690.

అదే పుస్తకంలో రెండు అధ్యాయాల వెనక మీథేన్ దహన ఎంథాల్పీ −890.3 అని ఉంది. 5, 10 తేడా అయితే వదిలేసేవాణ్ణి. 200 తేడా! కూడికలు నాలుగుసార్లు సరిచూశాను. తప్పు నాదా, పట్టికదా?

నాగావళి_గట్టు
కూడికలు సరిగ్గానే ఉన్నాయి, నేనూ వేసి చూశాను. అందుకే ఇంకా టెన్షన్‌గా ఉంది.

కొరాపుట్_ట్యూషన్
నీ తప్పేం లేదు తమ్ముడూ. బంధ శక్తులు సగటు విలువలు కదా, ఉజ్జాయింపుగానే వస్తుంది. పట్టిక ఇచ్చి లెక్క చేయమన్నారంటే ఆ పట్టిక అంకెలే వాడాలి. పరీక్షలో −690 రాస్తే పూర్తి మార్కులు. నేను పదకొండేళ్లుగా పిల్లలకు అదే చెబుతున్నాను.

బరంపురం_బీఎస్సీ
ఉజ్జాయింపు అని వదిలేస్తే ఎలాగండీ. 200 అంటే ఇరవై శాతం పైనే. నాకు కారణం తెలుసు: నీళ్లు. బంధ శక్తులన్నీ వాయువులకు ఇచ్చినవి. నువ్వు కట్టిన O–H బంధాలు ఆవిరిలోవి. −890 మాత్రం నీళ్లు ద్రవంగా మారాక కొలిచింది. ఆవిరి నీరైతే ఇంకొంత వేడి బయటికొస్తుంది. మోల్‌కి 40.7, రెండు మోల్స్‌కి 81. అదే నీ తేడా.

వంశధార_ప్లస్‌టూ
81 కలిపితే −771. ఇంకా 119 మిగిలింది కదా అన్నయ్యా.

జయపురం_నర్సు
నాకు మొదటి మెట్టు దగ్గరే అనుమానం. నేను నర్సింగ్ చదువుతున్నాను. ఏటీపీలో బంధం తెగితే శక్తి వస్తుందని మాకు చెప్పారు. ఇక్కడేమో బంధం తెంచడానికి శక్తి పెట్టాలంటున్నారు. అంటే గుర్తులు తిరగేశారేమో? 2652 వచ్చేది, 3342 పోయేది కావాలి కదా?

పర్లాకిమిడి_మాస్టారు
కాలేజీలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైర్ అయ్యాను. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు అమ్మాయి అనుమానం. గుర్తులు సరిగ్గానే ఉన్నాయమ్మా. ఏ బంధం తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందే, ఏటీపీలో కూడా. అక్కడ ఒక బంధం తెగడంతో కథ ఆగిపోదు. నీటి అణువు వచ్చి కలుస్తుంది, కొత్త బంధాలు ఏర్పడతాయి, తెగిన ముక్కలు నీళ్లలో మరింత స్థిరంగా కుదురుకుంటాయి. పెట్టిన దానికంటే అక్కడ వచ్చేది ఎక్కువ. మిగులు శక్తి మొత్తం చర్యది. పాఠంలో దాన్ని కుదించి బంధం తెగితే వచ్చిందని చెబుతారు, ఈ గందరగోళం అక్కడే మొదలవుతుంది. మీథేన్ కూడా అంతే. గ్యాస్‌లో వేడి దాక్కుని లేదు. C–H, O=O తెంచడానికి పెట్టినదానికంటే C=O, O–H కట్టినప్పుడు ఎక్కువ వస్తుంది కాబట్టే మంట వేడిగా ఉంది.

ఇక అబ్బాయి లెక్క. బరంపురం ఆయన చెప్పింది సగం నిజం, అంకె మాత్రం కొంచెం మారాలి. 40.7 అనేది 100 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి వేడి. మన పట్టికలన్నీ 25 డిగ్రీలకు. అక్కడ మోల్‌కి 44. రెండు మోల్స్‌కి 88.

ఇంకా 112 ఉంది. బాబూ, నీ పట్టికలో C=O 745 పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఏమైనా ఉందా? బాగా చూసి చెప్పు.

వంశధార_ప్లస్‌టూ
ఉంది మాస్టారూ! 745 తలమీద చిన్న చుక్కలా ఉంటే మచ్చ అనుకున్నాను. నా దగ్గర ఉన్నది సీనియర్ పుస్తకానికి జిరాక్స్. పేజీ అడుగున చివరి వరుస సగానికి తెగిపోయింది. అక్షరాల పైభాగాలు మాత్రం కనిపిస్తున్నాయి.

పర్లాకిమిడి_మాస్టారు
ఆ తెగిపోయిన వరుసలోనే నీ 108 ఉంది. 745 అనేది ఎసిటోన్ లాంటి కీటోన్లలో ఉండే C=O కి. కార్బన్ డయాక్సైడ్‌లో ఒకే కార్బన్‌కి రెండు వైపులా ఆక్సిజన్ ఉంటుంది, అక్కడ బంధం ఇంకా గట్టిది. చాలా పట్టికల అడుగున "CO2 లో 799" అని రాస్తారు. ఇప్పుడు మళ్లీ వేయి.

వంశధార_ప్లస్‌టూ
ఏర్పడేవి: 2 × 799 = 1598, దానికి 1852 కలిపితే 3450.
2652 − 3450 = −798.
నీళ్ల 88 కూడా తీసేస్తే −886.
పుస్తకంలో −890. తేడా 4!

రెండు రోజుల నుంచి 200 అని బెంగపడ్డాను. 108, 88, 4గా విడిపోయింది.

నాగావళి_గట్టు
జిరాక్స్ సెంటర్‌కి వెళ్లి ఆ చివరి వరుస అడిగి తెచ్చుకో తమ్ముడూ, రెండు రూపాయలకు 108 కిలోజౌళ్లు.

కొరాపుట్_ట్యూషన్
మాస్టారి మాట కాదనను. కానీ ప్రశ్నపత్రంలో నక్షత్రం ఉండదు, 745 అని మాత్రమే ఇస్తారు. అప్పుడు పిల్లాడు 799 అని తన గుర్తులోంచి రాస్తే దిద్దేవాళ్లు తప్పు పెట్టరా? నా దగ్గర చదివిన ఒకమ్మాయికి అలాగే జరిగింది. సరైన విలువ రాసింది, కీలో ఇంకో జవాబు ఉంది, మార్కు పోయింది.

పర్లాకిమిడి_మాస్టారు
ఆ బాధ నిజమే. నేనైతే పేపర్ దిద్దేటప్పుడు పద్ధతి చూసి రెండింటికీ మార్కులు వేసేవాణ్ణి. అందరూ అలా వేస్తారని చెప్పలేను. పిల్లలకు నా సలహా ఒకటే. ఇచ్చిన అంకెతో లెక్క ముగించి, కింద ఒక వరుసలో "నీరు ఆవిరి రూపంలో ఉందని తీసుకున్నాను" అని రాయండి. మార్కు సంగతి ఎలా ఉన్నా, ఏ చర్యకు లెక్క కట్టారో మీకే స్పష్టంగా ఉంటుంది.

బాయిలర్_రాయగడ
ఆలస్యంగా చూశాను, షిఫ్ట్‌లో ఉన్నాను. ఆ 88 గురించి నేనొక మాట చెప్పాలి. మీరంతా −890ని అసలు జవాబు, అందులోంచి ఆ 88 తీసేస్తే మిగిలే −802ని సగం జవాబు అన్నట్టు మాట్లాడుతున్నారు. బాయిలర్ దగ్గర నిలబడేవాడికి −802 మాత్రమే నిజం.

నేను ఇక్కడికి రాకముందు గుజరాత్‌లో గ్యాస్ బాయిలర్ మీద పనిచేశాను. కొత్త బర్నర్ పెట్టినప్పుడు అమ్మినవాళ్లు సామర్థ్యం 92 శాతం అన్నారు. మేం గ్యాస్ మీటరు చూసి, ఆవిరి తూకం చూసి లెక్కేస్తే 83. పెద్ద గొడవైంది. మేం మోసం అన్నాం, వాళ్లు మాకు లెక్క రాదన్నారు. చివరికి తేలిందేంటంటే ఇద్దరిదీ కరెక్టే. మేం గ్రాస్ విలువతో భాగించాం, కిలోకి 55 మెగాజౌళ్ల పైన. వాళ్లు నెట్ విలువతో భాగించారు, కిలోకి 50. ఆ తేడా అంతా ఈ 88యే. పొగగొట్టంలోంచి నీళ్లు ఆవిరిగానే వెళ్లిపోతాయి, ఆ వేడి మాకు దక్కదు. దక్కించుకుందామని పొగను మరీ చల్లబరిస్తే గొట్టం లోపల తడి పట్టి ఇనుము తినేస్తుంది. ఇంధనంలో గంధకం ఉంటే ఇంకా త్వరగా.

బరంపురం_బీఎస్సీ
ఇది నాకు కొత్త. 890ని 16 గ్రాములతో భాగిస్తే 55.6, 802ని భాగిస్తే 50.1. మీ రెండు అంకెలూ సరిగ్గా వచ్చేశాయి.

జయపురం_నర్సు
మరి మా ఇంట్లో స్టవ్ మీద ఏది? గిన్నె అడుగున నీళ్లు చేరడం ఎప్పుడూ చూడలేదు.

బాయిలర్_రాయగడ
చల్లటి నీళ్ల గిన్నెను అప్పుడే స్టవ్ మీద పెట్టి మొదటి నిమిషం చూడమ్మా. బయటి వైపు పొగమంచులా తడి పడుతుంది. గిన్నె కారుతోందనుకుని తుడుస్తాం. గ్యాస్ మండితే వచ్చిన నీళ్లే అవి, గిన్నె చల్లగా ఉంది కాబట్టి ద్రవమయ్యాయి. వేడెక్కగానే మాయం.

జయపురం_నర్సు
అయ్యో, ఇన్నాళ్లూ అమ్మ గిన్నె సరిగ్గా తుడవలేదనుకున్నాను.

వంశధార_ప్లస్‌టూ
మాస్టారూ, రెండో భాగం కూడా ఉంది. మీథేన్ ఏర్పడే ఎంథాల్పీ కనుక్కుని, దాన్నుంచి C–H బంధ శక్తి తేల్చమన్నారు. కార్బన్‌కి హైడ్రోజన్ కలిపి మీథేన్ చేస్తూ నేరుగా కొలవొచ్చు కదా, ఇంత తిరుగుడు ఎందుకు?

పర్లాకిమిడి_మాస్టారు
గ్రాఫైట్ పొడి మీద హైడ్రోజన్ వదిలి గది వేడిలో కూర్చుంటే ఏమీ జరగదు. వేడి చేసి ఉత్ప్రేరకం పెడితే నెమ్మదిగా జరుగుతుంది గానీ పూర్తవదు, పక్కన వేరే హైడ్రోకార్బన్లు కూడా పుట్టొచ్చు. కెలోరీమీటరులో పెట్టి కొలవడానికి చర్య చప్పున, పూర్తిగా, ఒకే దారిలో జరగాలి. మండించడం అలాంటిది. గ్రాఫైట్ మండుతుంది, హైడ్రోజన్ మండుతుంది, మీథేన్ మండుతుంది. మూడింటినీ విడివిడిగా కొలిచి కలుపుకుంటాం. హెస్ 1840లో చెప్పింది ఇదే: ఏ దారిలో వెళ్లినా మొదలూ చివరా ఒకటైతే మొత్తం వేడి ఒకటే.

(1) C + O2 → CO2, −393.5
(2) H2 + ½O2 → H2O ద్రవం, −285.8
(3) CH4 + 2O2 → CO2 + 2H2O ద్రవం, −890.3

నీకు కావలసింది C + 2H2 → CH4. ఎడమన కార్బన్ కావాలి, (1) ఉన్నదున్నట్టు. రెండు హైడ్రోజన్లు కావాలి, (2) రెండింతలు. మీథేన్ కుడివైపు రావాలి, (3) తిరగేయి, గుర్తు కూడా తిరుగుతుంది. అన్నీ కూడాక ఆక్సిజన్, CO2, నీరు మూడూ రెండువైపులా కొట్టుకుపోవాలి. ఏదైనా మిగిలిందంటే ఎక్కడో గుణించడం మరిచావన్నమాట. అంకెలు వేసే ముందు ఈ పరీక్ష చేయి.

వంశధార_ప్లస్‌టూ
−393.5 − 571.6 + 890.3 = −74.8. కొట్టివేతలు కూడా సరిపోయాయి, ఏమీ మిగల్లేదు.

నాగావళి_గట్టు
ఇక్కడ (2)లో ఆవిరి విలువ −241.8 వాడి, (3) ద్రవంది వాడితే? నేను సరిగ్గా అలాగే చేసి +13.2 తెచ్చుకున్నాను ఒకప్పుడు.

పర్లాకిమిడి_మాస్టారు
అదే 88 మళ్లీ వచ్చి పడింది. నీళ్లు రెండు చోట్లా ఒకే రూపంలో లేకపోతే అవి కొట్టుకుపోలేదు, నువ్వు కొట్టేశావంతే. రాసేటప్పుడు H2O పక్కన (l) గానీ (g) గానీ లేకపోతే ఆ సమీకరణాన్ని ముట్టుకోవద్దు.

ఇంకోటి గమనించండి. 74.8 అనేది 900కు అటూ ఇటూ ఉన్న రెండు మొత్తాల మధ్య తేడా. (3)ని కొలవడంలో అర శాతం పొరపాటు జరిగితే 4.5 పోతుంది. 890లో 4.5 కంటికి ఆనదు, 74.8లో అయితే ఆరు శాతం. దారి తిరిగినా మొత్తం మారదు, కానీ దారిలో జరిగిన పొరపాట్లన్నీ చిన్న జవాబు మీద పడతాయి.

వంశధార_ప్లస్‌టూ
ఇక C–H. మీథేన్‌ను పూర్తిగా అణువుల నుంచి పరమాణువులుగా విడగొట్టాలి. మీథేన్‌ను వెనక్కి తిప్పితే +74.8. గ్రాఫైట్ నుంచి వాయు కార్బన్ 716.7. నాలుగు H పరమాణువులు, ఒక్కోటి 218.0, మొత్తం 872. కలిపితే 1663.5. నాలుగుతో భాగిస్తే 415.9.

పట్టికలో 414 ఉంది. నాదే మంచి విలువ అనుకుని మొదటి లెక్కలో 416 పెట్టి చూశాను. 4 × 416 + 996 − 3450 = −790. నీళ్లు తీసేస్తే −878. ఇంతకుముందు −886 వచ్చింది! సరైన విలువ పెడితే జవాబు ఇంకా దూరం పోయింది. ఇదెలా మాస్టారూ?

బరంపురం_బీఎస్సీ
415.9లో ఎక్కడో తప్పుంది, అంతే.

పర్లాకిమిడి_మాస్టారు
తప్పు లేదు. ఇది చాలా మంచి ప్రశ్న బాబూ, నేను చెప్పిన పిల్లల్లో ఇంత దూరం వచ్చి అడిగినవాళ్లు కొద్దిమంది.

415.9 మీథేన్ సొంత విలువ. 414 రకరకాల సమ్మేళనాల మీద తీసిన సగటు. 799, 463 కూడా పట్టిక వాళ్లు సర్ది పెట్టినవే. నీ మొదటి −886లో తెంచేవాటి అంకెలూ కొంచెం తక్కువే, కట్టేవాటివీ కొంచెం తక్కువే, తీసివేతలో అవి ఒకదాన్నొకటి సర్దుకుని జవాబు దగ్గరగా వచ్చింది. నువ్వు ఒక్కదాన్ని సరిచేసేసరికి ఆ సర్దుబాటు చెదిరింది.

మీథేన్‌కి చేసినట్టే మిగతావాటికీ చేయి. CO2 కి: వాయు కార్బన్ 716.7, రెండు ఆక్సిజన్ పరమాణువులు 498.4, వెనక్కి 393.5, మొత్తం 1608.6. అంటే ఒక్కో C=O 804, 799 కాదు. నీటి ఆవిరికి: రెండు H 436, ఒక O 249.2, వెనక్కి 241.8, మొత్తం 927.0. అన్నీ పెట్టు.

వంశధార_ప్లస్‌టూ
1663.5 + 996.8 − 1608.6 − 1854.0 = −802.3.
88 తీసేస్తే −890.3.

సరిగ్గా వచ్చేసింది! పాయింటు తర్వాత అంకెతో సహా!

కొరాపుట్_ట్యూషన్
సరిగ్గా రాక ఎక్కడికి పోతుంది? ఆ −74.8 పుట్టిందే −890.3 లోంచి. మీరు పెట్టినదే మీకు తిరిగొచ్చింది.

పర్లాకిమిడి_మాస్టారు
ట్యూషన్ మాస్టారు పట్టుకున్నారు, అదే అసలు సంగతి. ప్రతి అణువుకూ దాని సొంత విలువ పెడితే అది బంధ శక్తుల లెక్క కాదు, వేషం మార్చిన హెస్ లెక్క. కొత్తగా ఏమీ చెప్పదు. సగటు పట్టిక ఎందుకంటే, ఎవరూ మండించి కొలవని అణువు ఒకటి నీ ముందు పెడితే, దాని వేడి ఇంచుమించు ఎంతో ఊహించడానికి. ఆ సౌకర్యానికి కట్టే వెలే ఆ 4, ఆ 12.

సగటు అన్న మాట కూడా లోతుగా చూడు. 415.9 అనే బంధం మీథేన్‌లో ఎక్కడా లేదు. మొదటి హైడ్రోజన్ లాగడానికి 439 కావాలి. రెండోదానికి 462, మూడోదానికి 424, చివరిదానికి 338. నాలుగూ కలిపి చూడు.

నాగావళి_గట్టు
1663! అదే మొత్తం. చివరిది అంత సులువుగా ఎందుకు ఊడుతుందో?

పర్లాకిమిడి_మాస్టారు
ప్రతిసారీ మిగిలిపోయిన ముక్క మారిపోతుంది కదా. CH3 వేరు, CH2 వేరు. ఒకటి తీయగానే మిగతా ఎలక్ట్రాన్లు మళ్లీ సర్దుకుంటాయి.

ఇందులో ఆ 716.7 కి ఒక కథ ఉంది. గ్రాఫైట్‌ను ఆవిరి చేస్తే ఒంటరి పరమాణువులతో పాటు C2, C3 ముక్కలు కూడా లేస్తాయి, అందుకే కొలత కష్టం. 1940, 50లలో దీని మీద పెద్ద వాదులాట నడిచింది. మోల్‌కి 125 కిలోకెలోరీలని ఒక పక్షం, 170 అని ఇంకో పక్షం. 170 నిలిచింది. అందుకే మరీ పాత పట్టికల్లో C–H 87 కిలోకెలోరీల దగ్గర ఉంటుంది, ఇప్పటివాటిలో 99. పాత పట్టికలోంచి ఒక అంకె, కొత్తదాంట్లోంచి ఒకటి తీసి కలపకూడదు. ఒకే పట్టికలోవైతే ఆ తప్పు రెండువైపులా సమానంగా పడి చాలావరకు కొట్టుకుపోతుంది.

బరంపురం_బీఎస్సీ
ఒప్పుకుంటున్నాను, 415.9 సరైనదే. కానీ CO2లో C=O కీటోన్ కంటే 55 పైన ఎందుకు గట్టిది? మాకు రెజొనెన్స్ అని చెప్పారు.

పర్లాకిమిడి_మాస్టారు
నేనూ తరగతిలో అలాగే చెప్పాను. ఒక పక్క అదీ నిజమే. కానీ పోల్చడానికి పెట్టుకున్న 745 కూడా ఇంకో చోట తీసిన సగటే. ఫార్మాల్డిహైడ్, ఎసిటోన్ మధ్యే తేడాలున్నాయి. 55లో ఎంత రెజొనెన్స్‌ది, ఎంత మనం ఎంచుకున్న ప్రమాణానిది అంటే నేను గీత గీసి చెప్పలేను.

బాయిలర్_రాయగడ
మాస్టారూ, మీ −890.3 ఎంత కచ్చితంగా వచ్చినా పొగగొట్టం దగ్గర మాత్రం −802.3 యే.

పర్లాకిమిడి_మాస్టారు
మీ గొట్టం దగ్గర మీదే నిజం. కెలోరీమీటరు నీళ్లలో మునిగి ఉంటుంది, 25 డిగ్రీలకు చల్లారాకే చూస్తాం, అక్కడ నాది.

వంశధార_ప్లస్‌టూ
సీనియర్ ఇంటికి వెళ్లి అసలు పుస్తకం చూసొచ్చాను. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: కార్బన్ డయాక్సైడ్‌లో 799. నా జిరాక్స్ కింద పెన్నుతో రాసుకున్నాను. మా క్లాసులో ఇంకో పదకొండు మంది దగ్గర ఇదే జిరాక్స్ ఉంది, రేపు వాళ్లవన్నీ దిద్దాలి.